స్పిన్ గుట్టు బ్యాట్ దగ్గరే

టేబుల్ టెన్నిస్ బంతి బరువు 2.7 గ్రాములు. దాన్ని బ్యాట్‌తో సూటిగా కొడితే వేగం వస్తుంది. రాసుకుంటూ పోతే రబ్బరు పట్టుకి గిరగిరా తిరుగుతుంది. బ్యాట్ కింది నుంచి పైకి రాస్తే టాప్‌స్పిన్, బంతి అడుగును ముందుకు రాస్తే బ్యాక్‌స్పిన్, పక్కకు రాస్తే సైడ్‌స్పిన్. టాప్‌స్పిన్ బంతి గాలిలో త్వరగా కిందికి వంగుతుంది, అవతలి బ్యాట్‌కి తగలగానే పైకి లేస్తుంది. బ్యాక్‌స్పిన్ బంతి గాలిలో కాస్త తేలుతుంది, బ్యాట్‌కి తగిలాక కిందికి జారి నెట్‌లో పడుతుంది.

అసలు చిక్కు సర్వీసులో ఉంది. మంచి ఆటగాడు ఒకే ఊపుతో ఒకసారి బలమైన బ్యాక్‌స్పిన్, మరోసారి స్పిన్ లేని బంతి వేస్తాడు. రెండూ నెట్ దాటి పొట్టిగానే పడతాయి. మొదటిదాన్ని తిప్పికొట్టాలంటే బ్యాట్ ముఖాన్ని ఆకాశం వైపు తెరిచి, బంతి కిందికి పోనివ్వాలి. రెండోదానికీ అలాగే చేస్తే బంతి ఎత్తుగా లేస్తుంది. ఇక ప్రత్యర్థి స్మాష్ కొట్టడమే తరువాయి.

తేడా అంతా బంతి బ్యాట్‌కి తగిలే క్షణంలోనే ఉంటుంది. మణికట్టు తిప్పినప్పుడు బ్యాట్ కొస అన్నిటికంటే వేగంగా కదులుతుంది, పిడి దగ్గరి భాగం నెమ్మదిగా కదులుతుంది. కొసతో పల్చగా రాస్తే స్పిన్ ఎక్కువ. పిడి దగ్గర తగిలించినా, రాయకుండా ముందుకు నెట్టినా స్పిన్ నామమాత్రం. తగిలాక చేసే ఆర్భాటపు ఊపు బంతిని తాకదు, అది కేవలం కళ్లకు గంతలు కట్టడానికే. అందుకే చేయి ఎటు ఊగిందో చూసేవాళ్లు మోసపోతారు. తగిలినప్పుడు బ్యాట్ ఎటు కదులుతోంది, దాని ముఖం ఎంత తెరిచి ఉంది, ఏ భాగం తాకింది అన్నవే చూడాలి. అక్కడ తప్పిపోతే బంతినే గమనించాలి. దాని మీది ముద్ర కనిపిస్తే స్పిన్ తక్కువ, చెదిరిపోతే ఎక్కువ. టేబుల్‌పై పడ్డాక బలమైన బ్యాక్‌స్పిన్ బంతి వేగం కోల్పోతుంది, స్పిన్ లేనిది ముందుకు సాగుతుంది. అయితే అప్పటికి స్పందించే వ్యవధి కొద్దిగానే మిగులుతుంది.

సర్వీసు బంతిని చేతితో గానీ ఒంటితో గానీ మరుగుపరచకూడదన్న నిబంధన ఈ చూపు కోసమే. బ్యాట్ రెండు వైపులా వేర్వేరు రంగులుండాలన్న నియమమూ అలాంటిదే. ఒక వైపు నున్నని రబ్బరు, మరో వైపు పొడవాటి బుడిపెల రబ్బరు వాడేవాళ్లుంటారు. మనిక బత్రా అందుకు మంచి ఉదాహరణ. ఆ బుడిపెలు సొంతంగా పెద్దగా స్పిన్ పుట్టించవు, వచ్చిన స్పిన్‌నే చాలావరకు అలాగే ఉంచుతాయి. ఎదుటివాళ్లు వాటి వైపు బ్యాక్‌స్పిన్‌తో పంపిన బంతి తిరిగొచ్చేటప్పుడు టాప్‌స్పిన్‌గా మారవచ్చు. నున్నని వైపు అదే కదలికతో వచ్చే బంతి వేరు. పైగా ఆట మధ్యలో బ్యాట్‌ను చేతిలోనే తిప్పి వైపు మారుస్తారు కాబట్టి, బంతికి తగిలిన రంగు ఏదో ప్రతిసారీ చూసుకోవాలి.