కాలు తీయొద్దన్న రోగి

1993లో ఇంగ్లండ్‌లో ఒక కేసు హైకోర్టు దాకా వెళ్లింది. బ్రాడ్‌మూర్ అనే మానసిక వైద్యశాలలో ఉంటున్న 68 ఏళ్ల వ్యక్తి పాదానికి గాంగ్రీన్ సోకింది. మోకాలి కింద కాలు తీసేయకపోతే బతికే అవకాశం 15 శాతమేనని సర్జన్ అంచనా. ఆయన మాత్రం ససేమిరా అన్నాడు. కుళ్లిన భాగాన్ని శుభ్రం చేయడం వరకే ఒప్పుకున్నాడు.

ఆయనకు స్కిజోఫ్రీనియా ఉంది. తాను గొప్ప డాక్టర్నని భ్రమపడేవాడు. అలాంటి మనిషి మాట చెల్లుతుందా? రోగికి మేలు చేయాలన్నది వైద్యుడి ధర్మం. ఆ లెక్కన ఆపరేషనే సరైనది.

జడ్జి జబ్బు పేరు చూసి తేల్చలేదు, మూడు ప్రశ్నలు వేసుకున్నారు. చెప్పిన విషయాన్ని రోగి అర్థం చేసుకుని గుర్తుంచుకున్నాడా? నమ్మాడా? లాభనష్టాలు బేరీజు వేసుకున్నాడా? చనిపోవచ్చని ఆయనకు తెలుసు, అయినా వద్దన్నాడు. భ్రమలున్నా ఈ నిర్ణయం తీసుకునే శక్తి ఆయనకుందని కోర్టు తేల్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా ఇకముందు కూడా కాలు తీయరాదని ఆదేశించింది.

శుభ్రం చేయడంతోనే అప్పటి ప్రాణాపాయం తప్పింది. అయితే తీర్పు నిలిచింది ఆ ఫలితం మీద కాదు. ఆయన చనిపోయినా నిర్ణయం ఆయనదే అయ్యేది. ప్రమాదాన్ని అర్థం చేసుకోలేని స్థితిలో ఉండి ఉంటే మాత్రం, ఆయన మేలు చూసే బాధ్యత వైద్యుల మీద పడేది.