సగానికి కుదించిన సారాంశం

జీవశాస్త్ర పత్రిక 'సెల్' పరిశోధన సారాంశానికి 150 పదాల హద్దు పెట్టింది. చేతిలో 300 పదాలుంటే, వాక్యానికి రెండు పదాలు గిల్లి ఆ లెక్కకు చేరలేం. కొన్ని వాక్యాలు పూర్తిగా పోవాలి.

కత్తెర ముందు నేపథ్యం మీద వేయాలి. కాలేయంలో కొవ్వు పెద్ద సమస్య అని ఆ రంగంవారికి తెలుసు. జవాబు లేని ప్రశ్నను ఒక్క వాక్యంలో చెబితే చాలు. పరికరాల వివరాలు వ్యాసంలో ఎలాగూ ఉంటాయి.

అసలు ప్రమాదం ఫలితాల దగ్గర ఉంది. "ఈ జన్యువును తొలగిస్తే మగ ఎలుకల కాలేయంలో కొవ్వు తగ్గింది, ఆడ ఎలుకల్లో తేడా కనిపించలేదు" అన్న వాక్యం ఉందనుకుందాం. దాన్ని "ఈ జన్యువు కాలేయంలో కొవ్వును పెంచుతుంది" అని కుదిస్తే సగానికి పైగా పదాలు మిగులుతాయి. కానీ ఎలుకలు మాయమయ్యాయి, ఆడవాటి ఫలితమూ పోయింది. చదివినవారు మనుషులకూ వర్తిస్తుందనుకుంటారు. చాలామంది సారాంశం దాటి చదవరు కనుక ఆ అపోహ అలాగే నిలిచిపోతుంది.

వ్యాసం చూడని సహోద్యోగికి కుదించిన ప్రతి ఇచ్చి, ఏ జీవిలో ఏం తేలిందో చెప్పమనండి. ఆయన జవాబు మీ ఫలితాల పట్టికతో సరిపోకపోతే, నేపథ్యంలో ఇంకో వాక్యం తీసేసి ఆ "మగ ఎలుకల"ను వెనక్కి తెచ్చుకోండి.