సున్‌బే ఎప్పుడు ఒప్పా అవుతాడు?

కొరియన్ డ్రామాలో కాలేజీ అమ్మాయి తన సీనియర్‌ని మొదట ‘సున్‌బే’ అంటుంది. ఆడా మగా తేడా లేదు, తనకంటే ముందు చేరినవాళ్లెవరైనా సున్‌బేనే. మర్యాద ఇంకాస్త కావాలంటే చివర ‘నిమ్’ చేరుస్తుంది.

‘ఒప్పా’ అలా కాదు. అమ్మాయి సొంత అన్ననీ, తనకంటే పెద్దవాడైన స్నేహితుణ్నీ, ప్రేమించినవాణ్నీ అలాగే పిలుస్తుంది. అదే మనిషిని అబ్బాయి అయితే ‘హ్యోంగ్’ అంటాడు. మన దగ్గర ‘అన్నయ్యా’ అంటే ప్రేమకు దారి మూసుకున్నట్టే. అక్కడ ఆ దారి ఒప్పాతోనే తెరుచుకోవచ్చు. అందుకే కథానాయిక నోట సున్‌బే పోయి, మొదటిసారి ఒప్పా వచ్చే క్షణం అంత ముఖ్యం. సబ్‌టైటిల్ రెండుచోట్లా అతని పేరే వేస్తే మలుపు కనబడదు. దాన్ని చెవితో పట్టుకోవాలి.