ఒకే రోజు కొన్న షేర్లు... కొన్ని షార్ట్, కొన్ని లాంగ్!

కొత్తగా ఒక్క షేరు కూడా కొనలేదు. అయినా నా యాప్‌లో కొన్న సగటు ధర 245 రూపాయల నుంచి ఒక్కసారిగా 297.50కి ఎగబాకింది. యాప్‌లో ఏదో బగ్ ఉందనుకున్నా. దాన్ని పట్టించుకోకుండా, పాత 245నే ఫోన్ నోట్స్‌లో రాసిపెట్టుకుని లాభం లెక్కేసుకున్నా. నిరుడు జులైలో ఐటీ రిటర్న్ వేయడానికి కూర్చున్నప్పుడు తెలిసింది, తప్పు యాప్‌ది కాదు, నాదేనని.

సంగతేంటంటే, ఒక కంపెనీ షేర్లు మూడు విడతల్లో కొన్నాను. 2023 జులై 10న 1,000 షేర్లు, ఒక్కోటి 200 రూపాయలకి. అదే ఏడాది డిసెంబర్ 18న 500 షేర్లు, 260కి. 2024 ఏప్రిల్ 10న ఇంకో 500, 320కి. మొత్తం 2,000 షేర్లు, పెట్టుబడి 4,90,000. సగటు 245.

తర్వాత చెల్లి పెళ్లి కుదిరింది. 2024 ఆగస్టు 12న 1,200 షేర్లు 300 చొప్పున అమ్మేశా. మిగతా ఖర్చులకని 2025 జనవరి 8న ఇంకో 600 షేర్లు 310కి అమ్మా. నా లెక్క చాలా సింపుల్. మొదటిసారి షేరుకి 55 లాభం, రెండోసారి 65. మొత్తం 1,05,000. కొనడం మొదలుపెట్టి ఏడాది దాటింది కదా, అంతా లాంగ్ టర్మే. లాంగ్ టర్మ్ లాభం ఏడాదికి 1,25,000 వరకు పన్ను లేదు. అంటే నేను కట్టాల్సింది సున్నా!

పిన్ని కూతురు సీఏ. ఎందుకైనా మంచిదని అక్కకి ఫోన్ చేశా. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఒరేయ్, ఆగస్టులో నువ్వు అమ్మింది ఏ షేర్లు?"

"ఏ షేర్లేంటక్కా, అన్నీ ఒకటే కంపెనీవి కదా!"

"కంపెనీ ఒకటే. కొన్న తేదీలు మూడు. పన్ను చూసేది తేదీని."

పాత రోజుల్లో కాగితం షేర్లకి నంబర్లుండేవి. ఏ సర్టిఫికెట్ అమ్మామో దానిమీదే తెలిసిపోయేది. డీమ్యాట్‌లో షేర్లకి అలాంటి గుర్తు లేదు, అన్నీ ఒకే కుప్ప. అందుకే చట్టం ఒక రూల్ పెట్టింది: ముందు వచ్చినవే ముందు పోయినట్టు లెక్క. దీన్నే ఫిఫో అంటారు. ఏది అమ్మాలో ఎంచుకునే ఛాన్స్ మనకి లేదు, సగటుకి అసలు చోటే లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ వరస ఏ డీమ్యాట్ అకౌంట్‌కి ఆ అకౌంట్‌లోనే నడుస్తుంది. రెండు అకౌంట్లుంటే రెండు కుప్పలు, రెండు వరసలు.

అక్క ఫోన్‌లోనే లెక్క చేయించింది. ఆగస్టులో అమ్మిన 1,200లో ముందుగా మొదటి విడత 1,000 పోయాయి. అవి కొని 13 నెలలు దాటింది కాబట్టి లాంగ్ టర్మ్. షేరుకి 100 చొప్పున లక్ష లాభం. మిగతా 200 రెండో విడతలోంచి తీయాలి. అవి కొని ఎనిమిది నెలలే, కాబట్టి షార్ట్ టర్మ్. షేరుకి 40 చొప్పున 8,000 లాభం.

ఇప్పుడు ఖాతాలో మిగిలినవి రెండో విడతలో 300, మూడో విడతలో 500. వాటి సగటు వేసి చూడండి, సరిగ్గా 297.50! యాప్ చూపించింది అదే. చౌకగా కొన్నవి ముందే వెళ్లిపోయాయి కాబట్టి సగటు పెరిగింది. మీ యాప్‌లో కూడా అమ్మిన వెంటనే సగటు మారితే, లోపల ఫిఫో నడుస్తోందని అర్థం చేసుకోవచ్చు.

జనవరిలో అమ్మిన 600 సంగతి ఇంకా తమాషా. రెండో విడతలో మిగిలిన 300 ముందు పోయాయి. అప్పటికి వాటికి ఏడాది దాటింది కాబట్టి లాంగ్ టర్మ్, 15,000 లాభం. అంటే ఒకే రోజు, ఒకే ధరకి కొన్న 500 షేర్లలో 200 షార్ట్ టర్మ్, 300 లాంగ్ టర్మ్ అయ్యాయన్నమాట! ఇక మూడో విడత నుంచి పోయిన 300 షేర్లు 320కి కొని 310కి అమ్మినవి. తొమ్మిది నెలలే కాబట్టి 3,000 షార్ట్ టర్మ్ నష్టం. సగటు చూసుకుని అన్నీ లాభాలే అనుకున్నా. నష్టం ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

"ఇప్పుడు కాంట్రాక్ట్ నోట్లు తియ్యి" అంది అక్క. కొన్న తేదీ, అమ్మిన తేదీ కూడా ఆ నోట్‌లో ఉన్నదే లెక్క. షేర్లు డీమ్యాట్‌లో పడిన రోజు కాదు. ఖర్చులు కూడా అందులోనే ఉంటాయి. కొన్నప్పటి బ్రోకరేజ్ కొన్న ధరకి కలుస్తుంది, అమ్మినప్పటిది అమ్మిన మొత్తంలోంచి పోతుంది. వాటిమీద వేసిన జీఎస్టీ కూడా అంతే. ఎస్‌టీటీ అని ఇంకో లైను ఉంటుంది. అది మాత్రం తీసెయ్యకూడదు, చట్టం ఒప్పుకోదు. చాలామంది 'మొత్తం ఛార్జీలు' అన్న అంకె పట్టుకుని దాన్నీ కలిపేస్తారు.

విడతలుగా అమ్మితే ఖర్చుల్ని కూడా షేర్ల లెక్కన పంచాలి. నా బ్రోకర్ తీసుకునేది అర శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ. రెండో విడత కొన్నప్పుడు 1,30,000కి అది 767 రూపాయలు, అంటే షేరుకి 1.53. ఆగస్టులో అమ్మినప్పుడు 3,60,000కి 2,124, అంటే షేరుకి 1.77. ఆ 200 షేర్లకి కొన్నప్పటి ఖర్చు 307, అమ్మినప్పటిది 354. రెండూ తీసేస్తే 8,000 లాభం 7,339కి దిగింది. బ్రోకర్ ఇచ్చే పన్ను రిపోర్టులో కొన్నిసార్లు ఇవి ముందే తీసేసి ఉంటాయి. అది చూసుకోకపోతే రెండుసార్లు తీసేసినట్టవుతుంది.

మిగతావాటికీ ఇలాగే పంచాం. లాంగ్ టర్మ్ లాభం మొత్తం 1,11,041 తేలింది. పరిమితి లోపే కాబట్టి పన్ను లేదు. జనవరి షార్ట్ టర్మ్ నష్టం ఖర్చులతో కలిపి 4,115 అయింది. దాన్ని 7,339లోంచి తీస్తే మిగిలింది 3,224. దానిపై 20 శాతం, 645 రూపాయలు, ఆపైన 4 శాతం సెస్. పన్ను చిన్నదే. కానీ నేను సున్నా అని రాసి పంపబోయాను. మన అమ్మకాల వివరాలు ఏఐఎస్‌లో ఆదాయపు పన్ను శాఖకి ముందే కనిపిస్తుంటాయి మరి.

ఇంకో మాట చెప్పి అక్క నన్ను కంగారు పెట్టింది. "పెళ్లి డబ్బు కోసం డిసెంబర్ మధ్యలోనే అమ్మేసి ఉంటే?" నిజమే, ముందు అలాగే అనుకున్నాం. మండపం వాళ్లు సంక్రాంతికి ముందు ఇస్తే చాలన్నారు కాబట్టి ఆగాను. ఆ 300 షేర్లకి ఏడాది దాటేది డిసెంబర్ 18 తర్వాతే. ముందే అదే ధరకి అమ్మి ఉంటే, దాదాపు 14,000 లాభం షార్ట్ టర్మ్‌లోకి వెళ్లి, 2,800 దాకా అదనంగా కట్టాల్సి వచ్చేది. నా తెలివేం లేదు, మండపం వాళ్ల మంచితనం!

ఫోన్ నోట్స్‌లో ఆ 245ని చెరిపేశా. ఇప్పుడు దాని స్థానంలో ఒక్క లైనే ఉంది: 2024 ఏప్రిల్ 10, 200 షేర్లు, 320 రూపాయలు. ఈసారి అమ్మేటప్పుడు లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే.