పరామితితో కూడిన ఏకఘాత సమీకరణ వ్యవస్థలు: నిర్ధారకం శూన్యమైన చోట సాధనల విచారణ

ఉపోద్ఘాతం:

గుణకాలలో ఒక పరామితి ఉన్న ఏకఘాత సమీకరణ వ్యవస్థను ఇచ్చి, ఆ పరామితి ఏ విలువలకు వ్యవస్థకు ఒకే సాధన ఉంటుందో, ఏ విలువలకు సాధనే ఉండదో, ఏ విలువలకు అనంత సాధనలు ఉంటాయో కనుగొనమనడం డిగ్రీ స్థాయి బీజగణితంలో చిరపరిచితమైన ప్రశ్న. సమీకరణాల సంఖ్య, అవ్యక్తరాశుల సంఖ్య సమానమైనప్పుడు గుణక మాత్రిక నిర్ధారకాన్ని శూన్యానికి సమానం చేసి పరామితి విలువలను రాబట్టడం అందరూ చేసే పనే. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. నిర్ధారకం శూన్యమైతే ఒకే సాధన ఉండదన్నంత వరకే మనకు తెలుస్తుంది. మిగిలిన రెండు అవకాశాలలో ఏది నిజమో నిర్ధారకం చెప్పదు. ఈ విషయాన్ని ఒకే గుణక మాత్రిక గల రెండు వ్యవస్థల ద్వారా పరిశీలించి, సాధన క్రమంలో దోషాలు ఎక్కడ చొరబడతాయో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. మొదటి వ్యవస్థ:

k ఒక వాస్తవ సంఖ్య అనుకొని కింది వ్యవస్థను తీసుకుందాం.

kx + y + z = 1
x + ky + z = k
x + y + kz = k²

గుణక మాత్రిక నిర్ధారకాన్ని విస్తరిస్తే D = (k − 1)²(k + 2) వస్తుంది. కనుక k విలువ 1 గానీ −2 గానీ కానప్పుడు వ్యవస్థకు ఒకే సాధన ఉంటుంది. ఇక్కడ క్రేమర్ నియమాన్ని ఆశ్రయించకుండా, వ్యవస్థలోని సౌష్ఠవాన్ని వాడుకుంటే విచారణ మరింత స్పష్టంగా ఉంటుంది. మూడు సమీకరణాలను కలిపి, x + y + z = S అని రాస్తే

(k + 2)S = 1 + k + k²

అవుతుంది. ఒక్కొక్క సమీకరణం నుంచి S ను తీసివేస్తే

(k − 1)x = 1 − S, (k − 1)y = k − S, (k − 1)z = k² − S

అని వస్తాయి. నిర్ధారకంలోని రెండు కారణాంకాలు ఇక్కడ వేర్వేరుగా కనిపిస్తున్నాయి. (k + 2) అన్నది S ను నిర్ణయిస్తుంది. S తెలిసిన తరువాత (k − 1) అన్నది ఒక్కొక్క అవ్యక్తరాశిని నిర్ణయిస్తుంది. రెండూ శూన్యేతరాలైతే

x = −(k + 1)/(k + 2), y = 1/(k + 2), z = (k + 1)²/(k + 2)

అన్నది ఏకైక సాధన.

ఇప్పుడు k = −2 అనుకుందాం. మొదటి సంబంధం 0·S = 1 − 2 + 4, అంటే 0 = 3 అవుతుంది. ఇది అసంభవం కనుక వ్యవస్థ అసంగతం, సాధన లేదు. k = 1 అయితే మూడు సమీకరణాలూ x + y + z = 1 అన్న ఒకే సమీకరణంగా మారతాయి. y, z లకు నచ్చిన విలువలు ఇచ్చి x ను కనుగొనవచ్చు. అంటే అనంత సాధనలున్నాయి, జ్యామితి దృష్ట్యా అవన్నీ ఒక తలం మీది బిందువులు.

2. రద్దయిన కారణాంకం కలిగించే భ్రాంతి:

పై ఏకైక సాధన సూత్రంలో (k − 1) ఎక్కడా కనిపించదు. లవంలోనూ హారంలోనూ ఉన్న (k − 1) రద్దయిపోయింది. అందువల్ల సూత్రం ఒక్కదానినే చూసిన విద్యార్థి, k = −2 ఒక్కటే మినహాయింపని భావించి, k = 1 ను ప్రతిక్షేపించి x = −2/3, y = 1/3, z = 4/3 అని రాసి ముగిస్తాడు. ఈ విలువలు మూడు సమీకరణాలనూ తృప్తి పరుస్తాయి కనుక సరిచూసుకున్నా దోషం బయటపడదు. ఆ సాధన తప్పు కాదు. అది x + y + z = 1 తలం మీది అనేక బిందువులలో ఒకటి మాత్రమే. తప్పల్లా దానిని ఏకైకమని ప్రకటించడంలో ఉంది.

దీనికి విరుగుడు, కారణాంకాన్ని రద్దు చేయకముందే విచారణ జరపడం. గాస్ నిరసన పద్ధతిలో ఇది చక్కగా తెలుస్తుంది. మూడవ సమీకరణాన్ని పైకి తెచ్చి, దాని సాయంతో మిగిలిన రెండింటిలో x ను తొలగిస్తే

(k − 1)y + (1 − k)z = k − k²
(1 − k)y + (1 − k²)z = 1 − k³

వస్తాయి. ఈ రెండింటినీ కలిపితే

(1 − k)(k + 2)z = (1 − k)(1 + k)²

అన్న చివరి వరుస లభిస్తుంది. దీనిని ఉన్నదున్నట్లుగా చదవాలి. k = −2 అయితే ఎడమ పక్క 0, కుడి పక్క 3, కాబట్టి వైరుధ్యం. k = 1 అయితే ఈ వరుసా, దానికి పై వరుసా 0 = 0 గా మారి, ఒక్క సమీకరణమే మిగులుతుంది.

మూడవ సమీకరణాన్ని పైకి తేవడం కేవలం సౌలభ్యం కోసం కాదు. మొదటి సమీకరణంతోనే ప్రారంభించి, దానిని k తో భాగిస్తే k ≠ 0 అన్న షరతు చాటుగా చేరుతుంది. అప్పుడు k = 0 ను విడిగా పరిశీలించక తప్పదు. కొందరు దానిని పరిశీలించకుండానే మినహాయింపుల జాబితాలో చేరుస్తారు. నిజానికి k = 0 అయినప్పుడు D = 2, ఏకైక సాధన x = −1/2, y = 1/2, z = 1/2. వరుస ప్రక్రియలలో గుర్తుంచుకోవలసిన భేదం ఇది: ఒక వరుసకు k రెట్లు మరొక వరుసను కలపడం k ఏ విలువైనా చెల్లుతుంది. కానీ ఒక వరుసనే k తో గుణించడం k = 0 వద్ద ఆ సమీకరణాన్ని తుడిచివేస్తుంది, k తో భాగించడానికి అక్కడ అర్థమే లేదు.

3. రెండవ వ్యవస్థ, క్రేమర్ నియమ దుర్వినియోగం:

ఎడమ పక్కను అలాగే ఉంచి కుడి పక్కను మాత్రం మారుద్దాం.

kx + y + z = 1
x + ky + z = k
x + y + kz = k + 3

గుణక మాత్రిక మారలేదు కనుక D కూడా మారలేదు, పరిశీలించవలసిన విలువలు మళ్లీ 1, −2 మాత్రమే. మూడింటినీ కలిపితే (k + 2)S = 2(k + 2). k ≠ −2 అయినప్పుడు S = 2. k ≠ 1 కూడా అయితే

x = −1/(k − 1), y = (k − 2)/(k − 1), z = (k + 1)/(k − 1)

అన్నది ఏకైక సాధన.

k = −2 వద్ద S సమీకరణం 0 = 0 అవుతుంది, వైరుధ్యం లేదు. x = 1/3 + t, y = 4/3 + t, z = 1/3 + t అన్న త్రికం t ఏ వాస్తవ సంఖ్య అయినా వ్యవస్థను తృప్తి పరుస్తుంది. అనంత సాధనలున్నాయి, అవి ఒక సరళరేఖ మీది బిందువులు. k = 1 వద్ద మాత్రం x + y + z అన్న ఒకే రాశి 1 కీ, 4 కీ సమానం కావాలి. కనుక సాధన లేదు. మొదటి వ్యవస్థలో అసంగతమైన చోట ఇక్కడ అనంత సాధనలు, అక్కడ అనంత సాధనలున్న చోట ఇక్కడ అసంగతం. రెండింటికీ నిర్ధారకం ఒక్కటే కాబట్టి ఈ భేదాన్ని నిర్ధారకం గుర్తించలేదనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఈ వ్యవస్థ మరొక అపోహను కూడా తొలగిస్తుంది. D = 0 అయి, కుడి పక్క నిలువు వరుసను చేర్చగా వచ్చే Dx, Dy, Dz కూడా శూన్యమైతే అనంత సాధనలుంటాయని కొన్ని చేతి పుస్తకాలు సూత్రంగా ఇస్తుంటాయి. ఇక్కడ k = 1 అయినప్పుడు గుణక మాత్రికలోని మూడు నిలువు వరుసలూ సమానం. ఒకదాని స్థానంలో కుడి పక్కను చేర్చినా మిగిలిన రెండూ సమానంగానే ఉంటాయి కనుక Dx = Dy = Dz = 0. అయినా వ్యవస్థ అసంగతం. ఆ మూడింటిలో ఒక్కటైనా శూన్యేతరమైతే సాధన లేదనడం సరైనదే. దాని విపర్యయం మాత్రం మూడు అవ్యక్తరాశుల విషయంలో చెల్లదు.

4. కోటి ఆధారంగా నిర్ణయం:

నిజమైన నిర్ణయం రూషే–కపెల్లి సిద్ధాంతం వల్ల లభిస్తుంది. గుణక మాత్రిక కోటి, కుడి పక్కను చేర్చిన విస్తృత మాత్రిక కోటి సమానమైతేనే వ్యవస్థ సంగతం. ఆ సమాన కోటి అవ్యక్తరాశుల సంఖ్యకు కూడా సమానమైతే సాధన ఒక్కటే. తక్కువైతే, ఎంత తక్కువో అన్ని స్వేచ్ఛా చలరాశులు ఉంటాయి.

k = 1 వద్ద గుణక మాత్రిక కోటి 1. మొదటి వ్యవస్థలో విస్తృత మాత్రిక కోటి కూడా 1, కనుక 3 − 1 = 2 స్వేచ్ఛా చలరాశులు. రెండవ వ్యవస్థలో అది 2 కు పెరుగుతుంది, కనుక అసంగతం. k = −2 వద్ద గుణక మాత్రిక కోటి 2. మొదటి వ్యవస్థలో విస్తృత మాత్రిక కోటి 3, రెండవ దానిలో 2. తలమా, రేఖా అన్నది కూడా ఈ లెక్కలోనే తేలుతుంది. అందువల్ల సమాధానంలో ‘అనంత సాధనలు’ అని రాసి ఊరుకోక స్వేచ్ఛా చలరాశుల సంఖ్యను కూడా పేర్కొనడం ఉచితం.

5. ఈ విచారణకు గల పరిమితులు:

పై విభజన యథార్థ గణనకు చెందినది. దశాంశాలతో కొలతలు తీసుకొన్నప్పుడు k = 1 అన్నదీ, k = 1.001 అన్నదీ వేరుచేయడం కష్టం. k = 1.001 వద్ద రెండవ వ్యవస్థ సాధన x = −1000, y = −999, z = 2001. సాధన ఇంత పెద్దది కావడం అసంగతత్వం చేరువలో ఉందనడానికి సూచన. అదే k వద్ద మొదటి వ్యవస్థ సాధన −2/3, 1/3, 4/3 ల దరిదాపుల్లో ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఆ ప్రశాంతతను నమ్మరాదు. మొదటి సమీకరణం కుడి పక్కను 1 నుంచి 1.001 కు మార్చితే x విలువ సుమారు 0.667 మేర మారుతుంది. దత్తాంశంలో వెయ్యో వంతు తేడా ఫలితంలో దాదాపు 667 రెట్లు పెరిగిందన్నమాట.

రెండవ పరిమితి క్షేత్రానికి సంబంధించినది. సంఖ్యలను మాడ్యులో 3 గా తీసుకుంటే −2, 1 ఒకటే. మొదటి వ్యవస్థలో వైరుధ్యంగా కనిపించిన 0 = 3 అక్కడ వైరుధ్యం కాదు. రెండవ వ్యవస్థలోని 1, 4 ల మధ్య తేడా కూడా మాయమవుతుంది. k = 1 వద్ద రెండు వ్యవస్థలూ x + y + z = 1 గానే మిగులుతాయి. రెండు స్వేచ్ఛా చలరాశులున్నా ఒక్కొక్కదానికి మూడే విలువలు కాబట్టి సాధనలు అనంతం కావు, సరిగ్గా 9. కోటి సిద్ధాంతం ఏ క్షేత్రంలోనైనా నిలుస్తుంది. ‘అనంత సాధనలు’ అన్న మాట మాత్రం అనంత క్షేత్రాలకే చెల్లుతుంది.

ముగింపు:

నిర్ధారకం మూలాలు మనం ఆగి పరిశీలించవలసిన స్థానాలను చూపుతాయి. అక్కడ జరిగేదేమిటో కుడి పక్క నిలువు వరుసతో కలిపి చూస్తేనే తెలుస్తుంది. పరామితి ఉన్న కారణాంకంతో భాగించకుండా, రద్దు చేయకుండా నిరసనను చివరి వరుస దాకా కొనసాగించి, ఒక్కొక్క ప్రత్యేక విలువను మూల వ్యవస్థలోనే ప్రతిక్షేపించి రెండు మాత్రికల కోటులను పోల్చడం నమ్మదగిన క్రమం. తరగతిలో ఈ రెండు వ్యవస్థలను పక్కపక్కనే ఇచ్చి సాధింపజేస్తే, D = 0 అన్నది జవాబు కాదనీ, ప్రశ్నలో రెండవ భాగానికి ఆరంభమనీ విద్యార్థికి తన లెక్కే చెబుతుంది.