ఏడాది చివర వచ్చే తగ్గింపు

మేము ఎం.కాం.లో చదువుకున్న ఒక లెక్కను చంద్రగిరిలోని ఒక సిమెంటు దుకాణానికి పెట్టి చెబుతాము.

“ఏప్రిల్ నుంచి మార్చి దాకా 1,000 టన్నులు తీసుకుంటే, మొదటి బస్తా నుంచీ టన్నుకు 100 రూపాయలు తగ్గిస్తాం” అని కంపెనీ డీలరుకు మాట ఇచ్చిందనుకుందాం. టన్నుకు 20 బస్తాలు గనుక బస్తాకు 5 రూపాయలు. బిల్లు మాత్రం పూర్తి ధరకే వస్తుంది.

మొదటి మూడు నెలల్లో డీలరు 200 టన్నులే తీసుకున్నాడు. ఈ లెక్కన ఏడాదికి 800 దాటదని కంపెనీ తగ్గింపు ఏమీ రాసుకోదు. తర్వాతి మూడు నెలల్లో 400 టన్నులు తీసుకున్నాడు. ఇక 1,000 దాటడం దాదాపు ఖాయమని తోస్తే, మొత్తం 600 టన్నులకూ 60,000 రూపాయలు అమ్మకాల్లోంచి తీసి బాకీగా చూపాలి. పాత 200 టన్నుల వాటా 20,000 కూడా ఇందులోనే ఉంది. మార్చి చివరికి 1,050 టన్నులైతే 1,05,000 రూపాయలకు క్రెడిట్ నోట్ వస్తుంది. అది నగదు కాదు, డీలరు కంపెనీకి కట్టవలసిన బాకీలో తగ్గుతుంది.

చిక్కు ఎక్కడంటే, పోటీకి తట్టుకోలేక డీలరు ఆ 5 రూపాయలను ముందే తగ్గించి అమ్ముతాడు. 990 టన్నుల దగ్గర ఆగిపోతే ఒక్క రూపాయీ రాదు. 99,000 రూపాయలు చేతినుంచి పోయినట్లే. అందుకే మార్చిలో అవసరం లేకున్నా మరో పది టన్నులు దించుకుంటారు. నెలల తరబడి నిల్వ ఉంటే ఆ సిమెంటు గడ్డకడుతుంది. మార్చి సరుకు ఏప్రిల్‌లో వాపసు పోయిందేమో కంపెనీ పద్దులు చూసేవారు గమనించాలి.

సెలవుల్లో దుకాణాల్లో పద్దులు రాసే తమ్ముళ్లూ, ఒప్పందం కాగితం మీద ఉందా అని ముందు అడగండి. నోటిమాటను నమ్మి ధర తగ్గిస్తే, రేపు చూపించడానికి ఏమీ ఉండదు.