డల్లాస్‌లో ఉదయం తొమ్మిదైతే హైదరాబాద్‌లో ఎంత?

2026 మార్చి 8 ఆదివారం తెల్లవారుజామున రెండింటికి డల్లాస్‌లో గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. లండన్‌లో అదే మార్పు మార్చి 29న వచ్చింది. హైదరాబాద్‌లో ఏ మార్పూ లేదు, ఎప్పుడూ ఉండదు. మధ్యలో ఉన్న ఆ మూడు వారాల్లో ఈ మూడు ఊళ్ల మనుషుల్ని ఒకే వీడియో కాల్‌లో కూర్చోబెట్టాల్సిన హెచ్‌ఆర్ ఉద్యోగి రాసే చిన్న మెయిల్ ఎలా ఉండాలో చూద్దాం.

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకోండి. అభ్యర్థి డల్లాస్‌లో ఉంటున్న మన తెలుగమ్మాయి, స్వదేశానికి తిరిగి రావాలనుకుంటోంది. ప్యానెల్‌లో ముగ్గురు. ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు లండన్‌లో. ఇంటర్వ్యూ మార్చి 11, బుధవారం, మన రాత్రి 7:30కి. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. ఎండాకాలంలో ఆ తేడా పదిన్నరకు తగ్గుతుంది. ఫిబ్రవరి ఆఖరులో మెయిల్ రాసే మనిషి అప్పటి లెక్కే పట్టుకుని ఉదయం 8 అని రాసేస్తాడు. అమ్మాయి ఎనిమిదింటికి లింక్ నొక్కుతుంది. అప్పటికి హైదరాబాద్‌లో 6:30. గంటసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చుంటుంది, లేదా తనను మర్చిపోయారనుకుని వెళ్లిపోతుంది. నవంబర్‌లో ఇదే పొరపాటు తిరగబడుతుంది. 2026 నవంబర్ 1న అమెరికా గడియారాలు వెనక్కి వెళ్తాయి కాబట్టి, పాత లెక్కతో ఉదయం 9 అని చెబితే అభ్యర్థి వచ్చేసరికి మన దగ్గర 8:30. గంట ఇంటర్వ్యూ అయితే ప్యానెల్ లేచి వెళ్లిపోయి ఉంటుంది. మెయిల్‌లో తప్పు రాసింది కంపెనీ, ఆలస్యం మాత్రం అమ్మాయి ఖాతాలో పడుతుంది.

అందుకే మెయిల్ పంపే రోజు తేడా ఎంతో చూసుకుంటే చాలదు, ఇంటర్వ్యూ జరిగే రోజు తేడా చూడాలి. అమెరికా అంతటికీ ఒకే సూత్రం వేయడమూ కుదరదు. అరిజోనాలో చాలా భాగం గడియారం మార్చదు, ఫీనిక్స్ ఏడాది పొడవునా మనకంటే పన్నెండున్నర గంటలు వెనకే. దుబాయ్‌తో ఈ చిక్కే లేదు, ఎప్పుడైనా గంటన్నరే.

తర్వాత, ఆ సమయాన్ని ఎలా రాస్తున్నామన్నది. ఐఎస్‌టీ అంటే మనకు ఇండియా సమయం. డబ్లిన్‌లో ఉన్నవాళ్లకు ఐరిష్ సమయం, టెల్ అవీవ్‌లో ఉన్నవాళ్లకు ఇజ్రాయెల్ సమయం. సీఎస్‌టీ చైనాకూ ఉంది, అమెరికా మధ్య ప్రాంతానికీ ఉంది. పైగా మార్చి 8 తర్వాత డల్లాస్‌లో నడిచేది సీడీటీ. మన హెచ్‌ఆర్ మెయిళ్లలో మాత్రం ఏడాదంతా సీఎస్‌టీయే కనిపిస్తుంది. ఈ అక్షరాల గొడవ వదిలేసి ఊరి పేరు రాయడం మేలు. తేదీలో నెలను అక్షరాల్లో రాయాలి. 11/03 అని రాస్తే డల్లాస్‌లో అది నవంబర్ 3. వారం పేరూ ఉండాలి, ఎందుకంటే మన ఉదయం వాళ్లకు నిన్న రాత్రి. ఇంగ్లీషులో వెళ్లే ఆ మెయిల్ తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"మీ ఇంటర్వ్యూ మార్చి 11, 2026, బుధవారం, డల్లాస్ సమయం ఉదయం 9:00 నుంచి 10:00 వరకు. (హైదరాబాద్‌లో రాత్రి 7:30, లండన్‌లో మధ్యాహ్నం 2:00.) మీరు ఆ రోజు డల్లాస్‌లోనే ఉంటారా? మీ గడియారం ప్రకారం సమయం ఎంతో రాస్తూ జవాబివ్వండి."

అభ్యర్థి సమయం ముందు, మనది బ్రాకెట్‌లో. చివరి ప్రశ్న ఊరికే మర్యాదకు అడిగింది కాదు. "సరే" అని జవాబొస్తే ఏం అర్థం చేసుకున్నారో తెలియదు. "డల్లాస్‌లో ఉదయం 9" అని వస్తే తెలుస్తుంది. ఆ వారం ఆమె పని మీద న్యూజెర్సీలో ఉంటే అదీ బయటపడుతుంది.

మెయిల్‌తో పాటు క్యాలెండర్ ఆహ్వానం కూడా వెళ్లాలి. అందులోని సమయం ఎవరి ఫోన్‌లో తెరిస్తే వాళ్ల ఊరి సమయంగా మారిపోతుంది. ఆ ఆహ్వానం లోపల నిజానికి ఉండేది ఇలాంటి వరుస:

```
DTSTART:20260311T140000Z
```

చివరి Z అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. ఆ మధ్యాహ్నం రెండు నుంచే అన్ని ఊళ్ల లెక్కా కట్టుకుంటాయి యంత్రాలు. అయితే ఆహ్వానం తయారుచేసేటప్పుడు టైమ్ జోన్ పెట్టెలో `Asia/Kolkata` అలాగే వదిలేసి, డల్లాస్ సమయమనుకుని 9 కొడితే, అమ్మాయి ఫోన్‌లో మంగళవారం రాత్రి 10:30 అని పడుతుంది. 9 కొట్టాలంటే పెట్టెలో `America/Chicago` ఉండాలి. డల్లాస్ ఆ జోన్‌లోదే. మెయిల్‌లో ఒక సమయం, ఆహ్వానంలో ఇంకొకటి కనిపిస్తే అభ్యర్థి దేన్ని నమ్మాలి? పంపే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి నిమిషం కూడా పట్టదు.

లింక్ సంగతి చిన్నదే. ఒకే లింక్‌ను రోజంతా అందరికీ ఇస్తే, వెయిటింగ్ రూమ్ పెట్టనప్పుడు, పది నిమిషాలు ముందొచ్చిన రెండో అభ్యర్థి మొదటి అభ్యర్థి ఇంటర్వ్యూ మధ్యలో ఊడిపడతాడు. మనిషికో లింక్ ఇవ్వాలి. తెగిపోతే పిలవడానికి +91తో మొదలయ్యే ఒక ఫోన్ నంబరూ ఉండాలి. మెయిల్ కూడా ఎవరిది వాళ్లకే వెళ్లాలి. నలుగురినీ ఒకే చిరునామాల వరుసలో పెడితే, ఇప్పటి ఉద్యోగంలో ఎవరికీ చెప్పకుండా ప్రయత్నిస్తున్నవాళ్ల పేర్లు మిగతా ముగ్గురి ముందు బట్టబయలవుతాయి.

ప్యానెల్ గురించి పేర్లూ హోదాలూ రాసి వదిలేస్తారు చాలామంది. అభ్యర్థికి అంతకంటే పనికొచ్చేది ఎవరు దేని గురించి అడుగుతారన్నది. మొదటి ముప్పై నిమిషాలు కోడింగ్, తర్వాత లండన్ మేనేజర్‌తో పాత ప్రాజెక్టుల గురించి పావుగంట, చివర్లో మీ ప్రశ్నలకు పావుగంట అని రాస్తే ఆమె దానికి తగ్గట్టు సిద్ధమవుతుంది. దీనివల్ల ప్రశ్నపత్రం ముందే లీకైపోతుందని కొందరు మేనేజర్లు బెంగపడతారు. నాకైతే ఆ బెంగ అర్థం కాదు.

ఇక "తీసుకురావలసిన పత్రాలు". పాత మెయిల్‌లోంచి కాపీ చేసిన జాబితాలో ఆధార్, పాన్, ఫారం 16, మూడు నెలల జీతం స్లిప్పులు అని ఉంటుంది. డల్లాస్ అమ్మాయి ఫారం 16 ఎక్కడ తెస్తుంది? అక్కడ యజమాని ఇచ్చేది డబ్ల్యూ-2. లండన్ అభ్యర్థి దగ్గరైతే పీ60 ఉంటుంది. అమెరికాలోనే ఉద్యోగమిచ్చేట్టయితే కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో పాత జీతం అడగడమే చట్టం ఒప్పుకోదు. అసలు మొదటి ఇంటర్వ్యూకు ఇవన్నీ అక్కర్లేదు. ఒకరి బదులు ఇంకొకరు కూర్చునే ప్రాక్సీ ఇంటర్వ్యూల భయం మన ఐటీ కంపెనీలకు ఉండనే ఉంది కాబట్టి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఒకటి దగ్గర పెట్టుకోమని, మొదట్లో కెమెరాకు చూపించమని రాస్తే సరిపోతుంది. పాస్‌పోర్టు చాలు. ఆధారే పంపుతామంటే మాస్క్‌డ్ ఆధార్ పంపమనాలి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. మిగతా పత్రాలు ఆఫర్ దశలో, మెయిల్‌కు జతచేసి కాకుండా కంపెనీ పోర్టల్‌లో ఎక్కించమని అడగొచ్చు.

సమయం మార్చాల్సి వస్తే కొత్త ఆహ్వానం పంపకూడదు, పాతదాన్నే సవరించాలి. లేకపోతే అభ్యర్థి క్యాలెండర్‌లో రెండూ ఉండిపోతాయి, పాత లింక్‌తో సహా.